గేదెలకు గొంతువాపు టీకా: తొలకరికి నెల ముందే

విశాఖపట్నం వైపు నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్‌లో వస్తాయి కాబట్టి, గురక వ్యాధి అని కూడా పిలిచే గొంతువాపుకు టీకాను మే నెల మధ్యలోపే వేయించడం మంచిది. టీకా వేసిన తర్వాత రోగనిరోధక శక్తి ఏర్పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. వాన పడ్డాక వేయిస్తే, సరిగ్గా ముప్పు ఎక్కువగా ఉన్న రోజుల్లో పశువుకు రక్షణ ఉండదు. ఆరు నెలలు దాటిన దూడలను మరచిపోతుంటాం గానీ, ఈ వ్యాధికి ఎక్కువగా బలయ్యేవి అవే.

ఆనందపురం వైపు ఒక పాకలో సాయంత్రం సగం పాలే ఇచ్చి, నెమరు మానేసి, చొంగ కారుస్తున్న గేదెను అజీర్తి అనుకుని తెల్లవారే వరకు వదిలేశారనుకుందాం. అప్పటికే జ్వరం 105 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి ఉండవచ్చు. రాత్రికి గొంతు కింద వేడిగా, నొప్పిగా ఉండే వాపు మొదలై గంగడోలు వైపు దిగుతుంది, ఊపిరి గురకగా మారుతుంది, తెల్లారేసరికి గేదె చనిపోవచ్చు. గురక వినిపించాక మందులు పనిచేయడం అరుదు కనుక, వాపు కోసం ఎదురుచూడకుండా జ్వరం దశలోనే 1962కు ఫోన్ చేసి పశువైద్యుడిని పిలిపించాలి.

మిగిలిన పశువులను వేరుచేసి, పూటపూటకూ జ్వరం చూడాలి. 103 దాటినదానికి వెంటనే చికిత్స అవసరం. కళేబరాన్ని చెరువు గట్టున పడేయకుండా లోతుగా, సున్నం చల్లి పూడ్చాలి.