రంగేసుకునే ముందు తలకి కొబ్బరి నూనె: ఇది చదివాకే సీసా మూత తియ్యండి

పోయిన ఆదివారం పొద్దున మా పిన్ని కళ్ళు తెరవలేకపోయింది. ఇంట్లో పెళ్లిచూపులు ఉన్నాయని శనివారం తలకి రంగేసుకుంది. ముందురోజు రాత్రి, మాడు మండకుండా ఉంటుందని ఎవరో చెప్తే కొబ్బరి నూనె కారేలా పట్టించి, తలంటుకోకుండా దాని మీదే నీళ్ళలో కలిపే పౌడర్ రంగు పూసేసింది. కడిగి చూస్కుంటే కణతల దగ్గర, పాపిట్లో తెల్లవి తెల్లగానే ఉన్నాయి. సరేలే అని మిగిలింది మళ్ళీ పూసి ఇంకో గంట ఉంచింది. రాత్రికి నుదురంతా దురద, తెల్లారేసరికి కనురెప్పలు బూరెల్లా అయిపోయాయి.

అంటే నూనె, రంగుని ఆపాల్సిన చోట ఆపలేదు, పట్టాల్సిన చోట పట్టనివ్వలేదు.

మంట వేరు, అలర్జీ వేరు. అమోనియా, పెరాక్సైడ్ వల్ల మాడు చురుక్కుమనడం పల్చటి నూనె పొర ఉంటే కొంచెం తగ్గుతుంది, అది నిజమే. కానీ పిన్నికి వచ్చింది అలర్జీ. నల్ల రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే మందు పడనివాళ్ళకి వచ్చేది ఇలాగే ఉంటుంది, దానికి కొంచెం తగిలినా చాలు, నూనె అడ్డం కాదు. ఇన్నేళ్ళుగా అదే ప్యాకెట్ వాడుతున్నా ఏం కాలేదు అని పిన్ని కూడా అంది. అలర్జీ మొదటిసారే రావాలని లేదు, వాడగా వాడగా ఒకరోజు మొదలవుతుంది. అందుకే చెప్తున్నా, నూనె పెట్టుకున్నాం కదా అని ప్యాచ్ టెస్ట్ మానెయ్యకండి. కలిపిన రంగు ఒక చుక్క చెవి వెనకో మోచేతి మడతలోనో పెట్టి 48 గంటలు ఆగాలి. అరగంట చూసి బానే ఉందనుకుంటే లాభం లేదు, అది రెండో రోజు కూడా బయటపడుతుంది.

ఇక రంగు పట్టడం సంగతి. అమోనియా ఉన్న క్రీమ్ రంగు వెంట్రుక పైపొరని తెరిచి లోపలికి వెళ్తుంది కాబట్టి పల్చటి నూనెని కొంతవరకు దాటేస్తుంది. గోరింటాకు, పౌడర్ రంగులు, పైపైన అంటుకునే టెంపరరీ రంగులు అలా కాదు, జిడ్డు మీద జారిపోతాయి. తెల్లవెంట్రుకలు అసలే మొండివి, వాటికి నూనె కూడా తోడైతే ఇంకేం పడుతుంది.

మరి ఎప్పుడు పెట్టాలి? ఆదివారం రంగు అనుకుంటే గురువారం ప్యాచ్ టెస్ట్ మొదలుపెట్టండి, శుక్రవారం రాత్రి నూనె పెట్టండి, శనివారం పొద్దున షాంపూతో తలంటుకోండి. నూనె ఎక్కువైతే రెండుసార్లు. కండిషనర్ వద్దు. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకేరకం, దాని పని అది రాత్రే చేసేస్తుంది, రంగేసే టైముకి తల మీద తేలుతూ ఉండక్కర్లేదు. తలంటాక ఒక రోజు వదిలేస్తే మాడుకి దాని సొంత జిడ్డు కొంచెం ఊరుతుంది, అదే మంటకి మంచి కాపు. పెట్టిన నూనె పోయిందో లేదో తెలియాలంటే, తలంటి ఆరాక పాపిట మీద టిష్యూ పేపర్ అద్దండి, మరక పడితే ఇంకా ఉన్నట్టే.

నుదుటి అంచుకి, చెవులకి మరక పడకుండా కొబ్బరి నూనె రాసేవాళ్ళున్నారు. మన ఎండలకి అది కరిగి కుదుళ్ళలోకి జారుతుంది, కణతల దగ్గర రంగు పట్టకపోవడానికి ఇదీ ఒక కారణం. వాజిలిన్ రాయండి, కదలదు. అది కూడా చర్మానికే, వెంట్రుకలకి తగలనివ్వద్దు. కుదుళ్ళకి మాత్రమే టచప్ చేస్తుంటే, ఇదివరకే రంగున్న చివర్లకి రెండు చుక్కల కొబ్బరి నూనె రాయొచ్చు, అక్కడ రంగు మళ్ళీ ఎక్కకుండా ఉంటుంది. రంగేసే రోజు నూనెకి అదొక్కటే చోటు.

రంగులో నూనె కలపొద్దు. ఆ రోజు మాడు గోక్కోవద్దు, గట్టిగా దువ్వొద్దు, పుండు గానీ పొక్కు గానీ ఉంటే అసలు వెయ్యొద్దు. పట్టలేదని అదే పూట రెండోసారి పూయొద్దు. ప్యాకెట్ మీద రాసిన టైముకి ఒక్క నిమిషం కూడా పెంచొద్దు. అమోనియా లేదు అని రాసుందంటే పీపీడీ లేదని కాదు, వెనక తిప్పి చదవండి. నల్లగా వచ్చే గోరింటాకు పొడిని నమ్మొద్దు, గోరింటాకు ఒక్కటే అయితే ఎర్రగా వస్తుంది, నల్లగా కాదు. దురద మొదలైతే టైము చూడకుండా కడిగెయ్యండి. చల్లబడుతుందని దాని మీద మళ్ళీ కొబ్బరి నూనె రాయొద్దు. రెప్పలు వాచినా, మాడు నీరు కారినా స్కిన్ డాక్టర్ దగ్గరికి, ఊపిరి ఆడకపోతే నేరుగా ఎమర్జెన్సీకి, ప్యాకెట్ చేతిలో పట్టుకుని వెళ్ళండి. ఒకసారి వాచినవాళ్ళు పీపీడీ ఉన్న రంగు మళ్ళీ ముట్టొద్దు, కొత్త బ్రాండ్ అయినా సరే, కింద ఎంత నూనె ఉన్నా సరే.