థీసిస్ చివరి చాప్టర్‌లో రిజల్ట్సే మళ్ళీ వస్తున్నాయా? సమస్య - పరిష్కారం

అనంతపురం, కర్నూలు, కడప వైపు పీహెచ్‌డీ చేసేవాళ్ళు సబ్మిషన్ దగ్గరపడ్డాక పంపే డ్రాఫ్టుల్లో చివరి చాప్టర్‌కి తరచుగా ఒకే కామెంట్ వస్తుంది: "ఇవన్నీ నాలుగో చాప్టర్‌లో చెప్పినవే కదా?" స్కాలర్ టెన్షన్ పడి అవే వాక్యాలను మాటలు మార్చి రాసి పంపుతారు. అదే కామెంట్ మళ్ళీ వస్తుంది. తప్పు మాటల్లో లేదు, ఆ చాప్టర్ ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో తెలుసుకోకుండా రాయడంలో ఉంది.

ఒక ఊహా కేసు పెట్టుకుని చూద్దాం. అనంతపురం జిల్లాలో ఒక మండలం, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ మీద థీసిస్. 60 బోర్ల నుంచి మే నెలలో ఒకసారి, వానలు అయ్యాక డిసెంబరులో ఒకసారి నీళ్ళు పట్టి పరీక్ష చేశారు. థీసిస్ ఇంగ్లిష్‌లో ఉన్నా వాక్యాలు ఇక్కడ తెలుగులోనే చెప్తాను, అంకెలు ఉదాహరణకు పెట్టినవి.

సమస్య 1: పేజీ నిండా అంకెలు, టేబుల్ నంబర్లు

డ్రాఫ్ట్ ఇలా ఉంది: "మే నెలలో ఫ్లోరైడ్ సగటు లీటరుకు 1.9 మిల్లీగ్రాములు, డిసెంబరులో 1.6. మే నెలలో 34 బోర్లు 1.5 పరిమితి దాటాయి. లోతు తక్కువ బోర్లలో తగ్గుదల ఎక్కువ కనిపించింది. కాల్షియంకీ ఫ్లోరైడ్‌కీ విలోమ సంబంధం ఉంది."

మీ డ్రాఫ్ట్‌లోనూ ఇదే జరిగిందేమో తెలుసుకోవడం తేలిక. ప్రింట్ తీసుకుని, రిజల్ట్స్ చాప్టర్‌లోకి మార్చినా ఏ ఇబ్బందీ లేకుండా ఇమిడిపోయే ప్రతి వాక్యం కింద గీత గీయండి. సగానికి పైగా గీతలు పడితే అది కన్‌క్లూజన్ కాదు.

కారణం ఎక్కువసార్లు ఒకటే. ప్రతి చాప్టర్ చివరి పేరా కాపీ చేసి, వరసగా అతికించి, దాన్ని దిద్దుకుంటూ పోవడం. అలా మొదలుపెడితే ఎన్నిసార్లు దిద్దినా అది రిజల్ట్స్ చాప్టర్‌గానే మిగులుతుంది.

అందుకే ఆ ఫైల్ మూసేయండి. మొదటి చాప్టర్‌లోని ఆబ్జెక్టివ్స్, రెండో చాప్టర్ చివర్లో రాసుకున్న రీసెర్చ్ గ్యాప్, ఈ రెండూ మాత్రమే ముందు పెట్టుకోండి. ఒక్కో ఆబ్జెక్టివ్ కింద మూడు వాక్యాలు, అంకెలు లేకుండా: ఈ పనికి ముందు ఏం తెలుసు, ఇప్పుడు కొత్తగా ఏం తెలిసింది, దానివల్ల ఎవరు ఏ పని వేరేగా చేస్తారు. మూడోదే కష్టం. చాలామంది దాన్ని వదిలేస్తారు, కానీ కంట్రిబ్యూషన్ బయటపడేది అక్కడే.

మన కేసులో అది ఇలా వస్తుంది: "వానల తర్వాత నీరు పలచబడి ఫ్లోరైడ్ తగ్గుతుందనేది ఇంతకు ముందు తెలిసినదే. ఈ మండలంలో ఆ తగ్గుదల లోతు తక్కువ బోర్లకే పరిమితమని, ఆ బోర్లలోనే డిసెంబరు రీడింగ్ వేసవి పరిస్థితిని తక్కువ చేసి చూపిస్తుందని ఈ పని చూపింది. కాబట్టి అలాంటి బోరును వానల తర్వాత చేసిన ఒక్క పరీక్షతో తాగడానికి పనికొస్తుందని తేల్చకూడదు. వేసవిలో మరోసారి చూడాలి."

సగటు అంకెలు పోయాయి, అయినా ఏమీ తగ్గలేదు. అంకె లేకపోతే వాదనే నిలబడని చోట మాత్రం ఒకటి రెండు ఉంచండి. ఇక్కడైతే 1.5 పరిమితి చాలు. భారతీయ తాగునీటి ప్రమాణం ఫ్లోరైడ్‌కి లీటరుకు 1 మిల్లీగ్రామును ఆమోదయోగ్యంగా చూస్తుంది, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతిస్తుంది. మే నెలలో ఆ గీత దాటి డిసెంబరులో లోపలికి వచ్చిన బోర్లే ఈ వాదనకు ఆధారం.

కాల్షియం సంగతి? కాల్షియం తక్కువగా ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండటం ఈ రంగంలో ఎప్పుడో తెలిసిన విషయం. మీ డేటాలోనూ అదే వచ్చిందంటే అది ధ్రువీకరణ. "ఇక్కడ కూడా అదే కనిపించింది" అని ఒక్క వాక్యం రాసి వదిలేయండి. దాన్ని కంట్రిబ్యూషన్ లిస్టులో పెడితే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

సమస్య 2: లిమిటేషన్స్ క్షమాపణలా ఉన్నాయి

"సమయం, డబ్బు పరిమితంగా ఉండటం వల్ల 60 బోర్లే తీసుకోవడం జరిగింది." ఈ వాక్యం ఏ థీసిస్‌లో పెట్టినా సరిపోతుంది, అందుకే ఇందులో విషయం లేదు. లోపం ఒప్పుకుంటే మార్కులు పోతాయన్న భయంతో, ఎవరికీ తగలని లోపాన్ని వెతికి రాయడమే దీనికి కారణం. నిజానికి ఎగ్జామినర్ చూసేది మీ డేటా ఎక్కడిదాకా నమ్మదగినదో మీకు తెలుసా లేదా అని.

ప్రతి లిమిటేషన్‌కీ మూడు ముక్కలు ఉండాలి: ఏం జరిగింది, పైన రాసిన ఏ వాదనకు అది తగులుతుంది, ఏ వైపుకి లాగుతుంది. మూడో ముక్క రాయలేకపోతే ఆ లిమిటేషన్‌ని మీరింకా ఆలోచించలేదనే అర్థం.

మన కేసులో రెండు నిజమైనవి ఉన్నాయి. ఒకటి, మే నెలకి ఎండిపోయిన బోర్లలో శాంపిల్ దొరకదు. అవి ఎక్కువగా లోతు తక్కువవి. అంటే "లోతు తక్కువ బోర్లు" అని మనం చెప్తున్నవి నిజానికి వేసవిలోనూ నీళ్ళున్నవి, బహుశా దగ్గర్లో చెరువో వంకో ఉండి నీరు బాగా ఇంకే చోట ఉన్నవి. వాటిలో వాన నీటి ప్రభావం మామూలుకన్నా ఎక్కువ కనిపించవచ్చు. కాబట్టి తగ్గుదలని మనం కొంత ఎక్కువగా అంచనా వేసి ఉండొచ్చు.

రెండోది లోతు. బోరు ఎంత వేశారని రైతును అడిగి రాసుకున్నది అది. ఆయన చెప్పిన 600 అడుగులు తవ్విన లోతు, నీళ్ళు వచ్చే లోతు కాదు. రాతి నేలలో నీరు పగుళ్ళలోంచి వస్తుంది, 600 అడుగుల బోరుకి 200 అడుగుల దగ్గర పగులు తగిలి ఉండొచ్చు. అలాంటి బోర్లు లోతైనవాటి లెక్కలో చేరితే రెండు గుంపుల మధ్య తేడా తగ్గి కనిపిస్తుంది. అంటే ఇది మొదటిదానికి వ్యతిరేక దిశలో లాగుతోంది. ఈ మాట రాయగలిగితే ఆ పేరా వైవాలో మీకు రక్షణ అవుతుంది.

నెల్లూరులోనో గుంటూరులోనో శాంపిల్స్ తీయకపోవడం మాత్రం లిమిటేషన్ కాదు. అది మీరే గీసుకున్న పరిధి, దాని చోటు మొదటి చాప్టర్.

సమస్య 3: ఫ్యూచర్ వర్క్ అంటే "మరిన్ని శాంపిల్స్, ఇతర జిల్లాలు"

చివరి రోజు చివరి పేరాగా రాస్తే ఇలాగే వస్తుంది. లిమిటేషన్స్ సరిగ్గా రాశాక ఇది దాదాపు తయారై ఉంటుంది, ఒక్కోదానికి ఎదురుగా ఒక పని పెట్టడమే.

లోతు లిమిటేషన్ నుంచి: "మోటారు పైకి తీసిన సమయంలో ఎంపిక చేసిన బోర్లలోకి కెమెరా దింపి, నీరు వచ్చే పగులు లోతు గుర్తించి, ఆ లోతు ప్రకారం బోర్లను మళ్ళీ విడదీయాలి. రెండు గుంపుల మధ్య తేడా పెరిగితే ఇక్కడి వాదన బలపడుతుంది, మాయమైతే అది తప్పని తేలుతుంది." ఎండిన బోర్ల నుంచి: "డిసెంబరు నుంచి మే దాకా నెలనెలా, వేసవికి ఎండిపోయే బోర్లను కూడా కలుపుకుని, అవే బోర్లలో నీళ్ళు పట్టి, ఎండిపోయే ముందు చివరి రీడింగ్ నమోదు చేయాలి." తర్వాత వచ్చే స్కాలర్ ఈ రెండు వాక్యాలు చదివి సైనాప్సిస్ మొదలుపెట్టగలగాలి. రెండు మూడు చాలు, పది రాస్తే ఏదీ మీరు ఆలోచించి రాసినట్టు ఉండదు.

గైడ్‌కి పంపే ముందు ఇంకొక్క చూపు చూడండి. ఈ చాప్టర్‌లో మాత్రమే కనిపించే కొత్త రిఫరెన్స్ గానీ కొత్త గ్రాఫ్ గానీ ఉంటే దాన్ని డిస్కషన్‌లోకి పంపేయండి. అలాగే "మొదటిసారి" అన్న మాట ఎక్కడైనా ఉంటే దాని పక్కన "ఈ మండలంలో" లాంటి హద్దు ఉందో లేదో చూసి, లేకపోతే పెట్టండి.