గ్రూపులో ఒకాయన ఏడు నిమిషాల వాయిస్ పెడుతుంటే ఏం చేయాలి?

ఉదయం పదకొండున్నర. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కమిటీలో ఉన్న పెద్దాయన వాయిస్ మెసేజ్ వచ్చింది, 6:48. బ్యాంకు కౌంటర్లో ఉన్నవాళ్లు, క్లాసులో పాఠం చెబుతున్నవాళ్లు దాన్ని ఎలా వింటారు? సాయంత్రం ఇంటికొచ్చి కుళాయి తిప్పితే గాలి వస్తుంది. ట్యాంకు కడుగుతున్నారన్న సంగతి ఆ వాయిస్‌లో ఐదో నిమిషంలో ఉంది.

ముందు వినేవాళ్ల చేతిలో ఉన్న ఉపాయాలు చూద్దాం, అవి కొంతవరకే పనికొస్తాయి కాబట్టి. ప్లే నొక్కి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే స్పీకర్‌లో కాకుండా మామూలు కాల్‌లాగే మెల్లగా వినిపిస్తుంది. 1.5x, 2x వేగం కూడా ఉంది. కానీ గబగబా మాట్లాడే మనిషిని 2xలో వింటే గోల తప్ప ముక్క అర్థం కాదు. వాయిస్‌ను అక్షరాల్లోకి మార్చే సదుపాయం Settings > Chats > Voice message transcripts లో ఉంటుంది. అక్కడి భాషల జాబితాలో తెలుగు కనిపించకపోతే దాని మీద ఆశ వదులుకోండి. మరో చిక్కేమిటంటే, నెల తర్వాత "ట్యాంకు" అని వెతికితే వాయిస్‌లో చెప్పిన మాట దొరకదు.

కాబట్టి పంపేవాళ్లతోనే మాట్లాడాలి. గ్రూపులో మాత్రం అనకండి. నలుగురి ముందు "అంకుల్, చిన్నగా పెట్టండి" అంటే ఆయన నొచ్చుకుని అసలు సమాచారమే ఆపేస్తారు. ఫోన్ చేసి గానీ లిఫ్ట్ దగ్గర కలిసినప్పుడు గానీ ఇలా అడగొచ్చు: "అంకుల్, మీరు చెప్పేవి మాకు కావాలి. ఆఫీసులో వినే వీలుండదు, సాయంత్రానికి ఆలస్యమైపోతోంది. టైపు చేయడం ఇబ్బందా?"

చాలాసార్లు అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. కళ్లద్దాలు పెట్టుకున్నా కీబోర్డు ఆనదు, తెలుగు ఒత్తులు ఎక్కడున్నాయో తెలియదు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం ఇష్టం ఉండదు. ఇలాంటివాళ్లకు "టైపు చేయండి" అని చెప్పి లాభం లేదు. వాళ్లు మాట్లాడుతూనే ఉండాలి, అక్షరాలు మాత్రం ఫోన్ రాయాలి.

దానికి పక్కన కూర్చుని పది నిమిషాలు వెచ్చించండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా ఉండే Gboard కీబోర్డు తెరిచి, దాని సెట్టింగ్స్‌లో Languages లోకి వెళ్లి తెలుగు చేర్చండి. తర్వాత కీబోర్డును తెలుగుకు మార్చి, దాని పై వరుసలో ఉన్న మైక్ గుర్తు నొక్కి మాట్లాడమనండి.

అందరూ తడబడేది ఇక్కడే. తెర మీద రెండు మైకులుంటాయి. మెసేజ్ గడి పక్కనున్న గుండ్రటి మైక్ వాట్సాప్‌ది, వాయిస్ రికార్డు చేసేది అదే. కీబోర్డు మీదున్నది రాసిపెట్టే మైక్. సెకన్లు పరిగెడుతుంటే తప్పు మైక్ నొక్కినట్టు, అక్షరాలు పడుతుంటే సరైనది నొక్కినట్టు. ఈ తేడా ఆయన చేతే రెండుమూడు సార్లు చేయించండి. మీరు చేసి చూపిస్తే రేపటికి మర్చిపోతారు. మాట మధ్యలో ఎక్కువసేపు ఆగితే మైక్ ఆగిపోతుంది, మళ్లీ నొక్కాలి. పేర్లు, ఫ్లాట్ నంబర్లు, డబ్బు అంకెలు తప్పు పడుతుంటాయి. పంపే ముందు అవి మాత్రం చూసుకోమనండి. చుక్కలు, కామాలు లేకపోయినా ఫర్వాలేదు.

వాయిస్ పెట్టడమే ఆయనకు ఇష్టమైతే ఒక్క ఒప్పందం చేసుకోండి: తేదీ, టైము, డబ్బు, ఎవరేం చేయాలి, ఈ నాలుగూ ముందు రాతలో రావాలి. మిగతా కథ వాయిస్‌లో ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. ఆ 6:48 వాయిస్ రాతలోకి వస్తే ఇంతే:

"ఈరోజు, గురువారం, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 8 వరకు ట్యాంకు క్లీనింగ్, నీళ్లు రావు. ముందే పట్టుకోండి. ఫ్లాటుకు 300, వాచ్‌మన్‌కు ఇవ్వాలి."

మిగిలిన ఆరు నిమిషాలు పోయినసారి వచ్చిన క్లీనింగ్ వాళ్లు ఎంత అడిగారో, బేరం ఎలా సాగిందో. అది వినాలనుకునేవాళ్లు రాత్రి వింటారు.

ఈ ఒప్పందాన్ని అడ్మిన్ గ్రూపు వివరణలో రాసి, ఒక మెసేజ్‌గా పెట్టి 30 రోజులకు పిన్ చేస్తే అది ఒక్కరిని అన్నట్టుండదు, అందరికీ వర్తిస్తుంది. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా గ్రూపును మార్చే ఆలోచన మానుకోండి. దానివల్ల వాయిస్‌తో పాటు అందరి నోళ్లూ మూతపడతాయి. ఆయన వాయిస్‌ను అడ్మిన్ తీసేయడం ఇంకా అన్యాయం, గ్రూపులో గొడవ ఖాయం.

అలవాటు మారేదాకా ఎవరో ఒకరు విని రాయాల్సిందే. పగలు ఇంట్లో ఉండేవాళ్లను అడగండి. ఆ వాయిస్‌ను కుడివైపు జరిపి, దానికే రిప్లైగా రెండు లైన్లు పెడితే ఏ వాయిస్‌కు ఏ సారాంశమో తెలుస్తుంది. ఆ పని ప్రతిసారీ ఒక్కరి మీదే పడకుండా వారానికొకరు చేసుకోండి. మోటారు కాలిపోవడం, లిఫ్ట్‌లో ఎవరైనా ఇరుక్కోవడం లాంటివి మాత్రం గ్రూపులో రాతగానూ వద్దు, వాయిస్‌గానూ వద్దు. నేరుగా కాల్ చేయమని ఆయనకూ, మిగతావాళ్లకూ చెప్పండి.