చెవి దిబ్బడ వదలడం లేదా? ముందు ముక్కు మందు సీసా మీద పేరు చదవండి

తిరుమల ఘాట్ రోడ్డు దిగుతుంటే చెవులు మూసుకుపోవడం తిరుపతి వాళ్లకు కొత్త కాదు. అలిపిరి చేరేలోపు రెండు గుటకలు వేస్తే టుప్పుమని తెరుచుకుంటాయి. అలా తెరుచుకోక రోజుల తరబడి, వారాల తరబడి దిబ్బడ పట్టిన చెవితో తిరుగుతున్నవాళ్లు వినికిడి పరీక్షకు మా గదిలోకి వస్తుంటారు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికే చెవిలో వెల్లుల్లి నూనె పోసుకుని, ఆవిరి పట్టి, పుల్లతో తిప్పి ఉంటారు. ముక్కులో ఏం వేసుకుంటున్నారో మాత్రం అడిగేదాకా చెప్పరు. అసలు సంగతి అక్కడే ఉంటుంది.

ఇది ఆ సమస్యేనా?

మాటలు దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తాయి. మన గొంతే మనకు తలలో మోగుతుంది. గుటక వేసినా ఆవులించినా చెవిలో చిటపటమంటుంది, ఒక్క క్షణం తెరుచుకున్నట్టే అయి మళ్లీ మూసుకుంటుంది. నొప్పి పెద్దగా ఉండదు. ముక్కు దిబ్బడ, తుమ్ములు, గొంతులోకి కారే కఫం వీటిలో ఏదో ఒకటి ముందు నుంచీ ఉంటుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు అంతగా తెలియదు, దిగేటప్పుడే బాధ.

దీని మీద చికిత్స మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయాలి. ఒకటి, చెవిలోకి లైటు వేసి చూపించుకోవడం. గుబిలి గట్టిపడి అడ్డుపడినా ఇలాగే దిబ్బడగా ఉంటుంది. నెలల తరబడి ముక్కు మందులు వాడి, చివరికి గుబిలి తీయించుకుని అయిదు నిమిషాల్లో బాగై వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు.

రెండోది ఇంట్లోనే చేసుకోవచ్చు. పెదవులు మూసి ‘మ్మ్...’ అని కాసేపు అనండి. ఒక చెవే దిబ్బడగా ఉన్నప్పుడు ఆ మోత ఆ చెవిలోనే గట్టిగా వినిపిస్తే అడ్డు బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. మోత బాగున్న చెవి వైపు వెళ్లిపోతే, అందులోనూ వినికిడి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో పడిపోయి ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లండి. అది లోపలి చెవి నరానికి సంబంధించింది కావచ్చు. దానికి ఇచ్చే స్టెరాయిడ్ మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది, రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గుతుంది. ‘జలుబు చేసిందిలే, అదే వదులుతుంది’ అని ఆగకూడనిది ఇదొక్కటే. మోత ఎటు వెళ్లిందో తేలకపోయినా, వినికిడి హఠాత్తుగా పడిపోయి ఉంటే వెళ్లాల్సిందే.

చెవి బాధకు ముక్కు మందు ఎందుకు?

మధ్య చెవి నుంచి ముక్కు వెనక భాగంలోకి యూస్టేషియన్ నాళం అనే సన్నని గొట్టం ఉంటుంది. పెద్దవాళ్లలో దాని పొడవు మూడున్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. మామూలుగా మూసుకునే ఉండి, గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు క్షణకాలం తెరుచుకుని గాలిని లోపలికి వదులుతుంది. అలర్జీతోనో సైనస్‌తోనో దాని ముక్కు వైపు మూతి దగ్గర పొర ఉబ్బితే గాలి అందదు. లోపలున్న గాలిని మధ్య చెవి లోపలి పొర కొంచెం కొంచెంగా పీల్చుకుంటుంది, ఒత్తిడి తగ్గి కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. దిబ్బడ అదే. ఉబ్బిన మూతి అరకొరగా తెరుచుకోవడమే ఆ చిటపట.

తిరుమల నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్లు దిగుతాం. దిగేకొద్దీ బయటి ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కేటప్పుడు లోపలి గాలి తనంతట తానే తోసుకుని బయటికి పోతుంది. దిగేటప్పుడు మాత్రం నాళం తెరుచుకుంటేనే లోపలికి గాలి వెళ్తుంది. అందుకే దిగేటప్పుడు బాధ.

చెవిలో పోసే ఏ చుక్కలూ ఆ మూతి దాకా చేరవు, మధ్యలో కర్ణభేరి అడ్డం. మందు వెళ్లాల్సింది ముక్కు దారినే.

అందరూ చూడకుండా వదిలేసే కారణం

‘ముక్కు స్ప్రే నెల పైగా వాడుతున్నాను, ఏమీ లాభం లేదు’ అని ఎవరైనా అనగానే నేను అడిగేది ఒక్కటే: సీసా చూపించండి. మందుల దుకాణంలో ‘ముక్కు స్ప్రే’ పేరుతో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు, వాటి పనులు వేరు. సీసా మీద ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్ స్ప్రే. మెల్లగా పనిచేస్తుంది, రోజూ వాడాలి, వారాల తరబడి వాడొచ్చు. జైలోమెటాజోలిన్ అనో ఆక్సీమెటాజోలిన్ అనో ఉంటే అది రక్తనాళాలను బిగించి అయిదు పది నిమిషాల్లో ముక్కు తెరిచే మందు; ఇక్కడి నుంచి నేను ‘చుక్కలు’ అనేది దీన్నే. అది మూడు నుంచి అయిదు రోజులకు మించి వాడేది కాదు.

చిక్కేమిటంటే రెండోదే హాయిగా ఉంటుంది. వేసుకోగానే ముక్కు తెరుచుకుంటుంది, చెవి కూడా కాస్త తేలికపడుతుంది. వారం పది రోజులు దాటితే రక్తనాళాలు ఆ మందుకు మొద్దుబారతాయి. ప్రభావం దిగగానే ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ చుక్కలు వేస్తారు. అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు చేసినట్టే. ఆ వాపు నాళం మూతి చుట్టూ కూడా వస్తుంది కాబట్టి చెవి ఎప్పటికీ తేరుకోదు. మనిషి మాత్రం అలర్జీ ముదిరిందనుకుంటాడు.

గుర్తుపట్టడం కష్టం కాదు. తుమ్ములు, దురద, నీళ్లు కారడం తగ్గిపోయి ఉత్త దిబ్బడ మాత్రం మిగులుతుంది. మొదట్లో పది గంటలు పనిచేసిన చుక్కలు ఇప్పుడు మూడు నాలుగు గంటలకే దిగిపోతాయి. సీసా దిండు పక్కన ఒకటి, బండిలో ఒకటి ఉంటుంది.

తిరుమలకు టాక్సీ నడిపే ఒకాయన సంగతి చెబుతాను. మామిడి పూత రోజుల్లో తుమ్ములతో మొదలైందన్నారు. జలుబుతో కొండ దిగేవాళ్లు అరగంట ముందు చుక్కలు వేసుకుంటే చెవి పట్టదని ఎవరో ప్రయాణికుడు చెప్పాడట. ఆ మాట తప్పు కాదు, ఎప్పుడో ఒకసారి దిగేవారికి పనికొచ్చే ఉపాయమే. ఈయన రోజుకు రెండు మూడు సార్లు దిగుతారు, దిగిన ప్రతిసారీ వేసుకున్నారు.

“స్ప్రే వాడుతూనే ఉన్నాను మేడం, ఎడమ చెవి తెరుచుకోవడమే లేదు.”

“ఏదీ, సీసా చూపించండన్నా.”

చొక్కా జేబులోంచి తీశారు. చీటీ అరిగిపోయినా జైలోమెటాజోలిన్ 0.1 శాతం అన్నది చదవగలిగాను. చెవిలో ఒత్తిడి కొలిచే టింపనోమెట్రీ చేస్తే, గ్రాఫులో సున్నా దగ్గర ఉండాల్సిన గీత కొన ఎడమ చెవిలో మైనస్ 240 దగ్గర, కుడి చెవిలో మైనస్ 130 దగ్గర వచ్చింది. నీరు చేరలేదు, చేరి ఉంటే కొన లేకుండా గీత చదునుగా వచ్చేది. డాక్టరు గారు ముక్కులోకి చూసి పొర ఎర్రగా ఉబ్బిందనీ, కండ పెరగలేదనీ చెప్పారు.

మానేది ఎలా

ముందు స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, ఆ తర్వాతే చుక్కలు ఆపాలి. ఈ వరస ముఖ్యం. ఒట్టిగా ఆపితే రెండో రాత్రికే ఊపిరాడక మళ్లీ సీసా పట్టుకుంటారు. డ్రైవరు గారికి ఫ్లూటికాసోన్ రోజుకోసారి, ఒక్కో రంధ్రంలో రెండేసి సార్లు కొట్టమన్నారు. కొద్ది రోజుల తర్వాత ఎడమ రంధ్రంలో చుక్కలు పూర్తిగా ఆపించారు. కుడి రంధ్రంలో వేసుకుంటూ ఉంటే ఒకవైపు నుంచైనా ఊపిరి ఆడుతుంది, నిద్ర పడుతుంది. వారానికి ఎడమవైపు తెరుచుకున్నాక కుడివైపూ ఆపించారు. ఆ రోజుల్లో కొండ బాడుగలు మానుకుని ఊళ్లోనే నడిపారు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం సాయపడ్డాయి.

ముక్కు మూడో వారంలో బాగైంది. చెవి మాత్రం అప్పటికీ చిటపటమంటూనే ఉంది. ‘ఇది కూడా పని చేయలేదు’ అని చాలామంది మానేసేది సరిగ్గా ఇక్కడే. ముక్కు ముందు బాగవుతుంది, చెవి వెనకగా వస్తుంది. ఆరో వారంలో మళ్లీ కొలిస్తే ఎడమ చెవి మైనస్ 70కి వచ్చింది.

చుక్కలు నెలల తరబడి వాడినవారికి డాక్టరు కొన్ని రోజులు మాత్రలు కూడా ఇవ్వవచ్చు. బీపీ, గుండె జబ్బు, గ్లాకోమా ఉన్నవారు ఈ చుక్కలను సొంతంగా కొనుక్కుని వాడనే కూడదు.

సరైన సీసా ఉన్నా పనిచేయకపోతే

కొట్టే పద్ధతి చూడండి. చాలామంది తల వెనక్కి వాల్చి, సీసా నిటారుగా పెట్టి, గట్టిగా ఎగపీలుస్తారు. మందంతా గొంతులోకి పోతుంది; చేదో వాసనో గొంతులో తెలిసిందంటే అదే జరిగినట్టు. తల కొంచెం ముందుకు వంచండి. ఎడమ రంధ్రానికి కుడి చేత్తో, కుడి రంధ్రానికి ఎడమ చేత్తో పట్టుకోండి. కొన అదే వైపు చెవిని చూస్తున్నట్టు బయటికి తిప్పి, మెల్లగా ఊపిరి తీస్తూ కొట్టండి. చేయి మార్చితే కొన దానంతట అదే బయటి వైపుకు తిరుగుతుంది. ముక్కు నుంచి చుక్క చుక్క రక్తం వస్తోందంటే మధ్య గోడ మీద కొడుతున్నారని అర్థం.

ముక్కు కడుక్కునేవారు స్ప్రేకు ముందే కడుక్కోవాలి. ఒక గ్లాసు, అంటే పావు లీటరు నీటికి పావు చెంచా ఉప్పు చాలు. నీళ్లు కాచి చల్లార్చినవే అయి ఉండాలి, కుళాయి నీళ్లు వద్దు. కడిగాక రెండు రంధ్రాలూ మూసి బలంగా చీదితే ఆ నీరు చెవి వైపే పోతుంది. ఒక్కోవైపు మెల్లగా చీదండి.

స్టెరాయిడ్ స్ప్రే ముక్కు పొర వాపును తగ్గిస్తుంది, నాళాన్ని నేరుగా బాగుచేయదు. ముక్కులో అలర్జీ ఏమీ లేనివారికి ఇది చెవికి పెద్దగా ఉపయోగపడదు. సెటిరిజిన్ లాంటి మాత్రలు తుమ్ములకూ దురదకూ బాగుంటాయి గానీ, చెవి దిబ్బడకు వాటినొక్కటే నమ్ముకోవద్దు.

అరుదైనవి

మన ఊపిరి చప్పుడే చెవిలో హోరుమని వినిపించి, పడుకుంటే తగ్గుతుంటే నాళం మూసుకుపోలేదు, తెరిచే ఉండిపోతోంది. దానికి ఈ స్ప్రేలు మేలు చేయకపోగా బాధ పెంచవచ్చు. నమిలేటప్పుడు టక్కుమంటూ చెవి ముందు నొప్పి ఉంటే దవడ కీలు చూపించుకోండి. పెద్దవాళ్లలో ఒక్క చెవిలోనే నీరు చేరి ఆరు వారాలైనా పోకపోతే, డాక్టరు గొట్టం కెమెరాతో ముక్కు వెనక భాగం చూస్తారు. ఆ పరీక్షకు వాయిదా వేయవద్దు.