పుట్టగొడుగులు నీరుకారకుండా వేయించేందుకు జాగ్రత్తలు

ఇటీవల తెలిసినవారి ఇంట్లో విందు కోసం కిలో పుట్టగొడుగులను ఒకేసారి మూకుడులో వేశారు. అవి వేగకపోగా, తమ నీటిలోనే ఉడికి, బూడిదరంగుకు తిరిగి, సాగుడుగా తయారయ్యాయి. కడిగినందువల్లే ఇలా జరిగిందని అందరూ తేల్చేశారు. నాకు తెలిసి ఆ నింద సరికాదు.

పుట్టగొడుగు బరువులో దాదాపు 90 శాతం నీరే ఉంటుంది. కోయకుండా, పారే నీటి కింద కొన్ని క్షణాలు రుద్ది కడిగితే కొత్తగా చేరే నీరు స్వల్పం. పుట్టగొడుగులను పొడిబట్టపై పరచి, ఆ నీటిని అద్ది తీసేయవచ్చు. అయితే ముక్కలు కోశాక నీటిలో నానబెట్టకూడదు. కడిగినవాటిని దాచిపెట్టకూడదు, వండే ముందే కడగాలి.

అసలు చెరుపు పెనంలో ఇరికించడం వల్ల వస్తుంది. ముక్కలు ఒకదానిపై ఒకటి పడినప్పుడు వాటినుంచి ఊరే నీరు ఆవిరి కావడానికి చోటు దొరకదు, ఆ నీరు అడుగున నిలిచి ఉన్నంతసేపు పెనం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగా వేగడానికి సుమారు 140 డిగ్రీలు కావాలి కనుక, మంట ఎంత పెంచినా అవి ఉడుకుతాయే తప్ప వేగవు. వెడల్పాటి పెనంలో ఒక్క వరుసగా, మధ్య మధ్య అడుగు కనిపించేలా పరచాలి. 28 సెంటీమీటర్ల పెనానికి పావుకిలోకు మించి వేయకూడదు. కిలో ఉంటే నాలుగు విడతలు చేయాలి. ఓపిక లేకపోతే రెండు పెనాలు పెట్టుకోవాలి.

మొదట నూనె వేయకుండా, బాగా కాగిన ఇనుప లేదా స్టీలు పెనంలో ముక్కలను వేయాలి. పచ్చి ముక్క లోపలి గాలి ఖాళీలు నూనెను పీల్చుకుంటాయి. నీరు పోయి ముక్క కుదించుకున్నాక అంతగా పీల్చవు. బుడబుడ శబ్దం ఆగి, అడుగు పొడిబారి, అంచులకు రంగు వచ్చాక ఒక చెంచా నూనె చాలు.

నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్ద మంటపై కాల్చవద్దు. మూత పెట్టవద్దు. ఉప్పు చివరనే వేయండి, ముందే వేస్తే నీరు త్వరగా ఊరుతుంది. తడి ముక్కలను కాగిన నూనెలో వేయవద్దు, చేతిపై చిందుతుంది. వేసిన వెంటనే కలపవద్దు. మళ్లీ చెబుతున్నాను, ఇరికించవద్దు. ముందరి విడత తీయకుండా తరువాతిది వేయవద్దు. వేగినవాటిని గిన్నెలో కుప్పపోయవద్దు, పళ్లెంలో పరచండి. అప్పటికే నీరు ఊరి ఉంటే కంగారుపడి దించవద్దు. పుట్టగొడుగు కణాల గోడల్లోని కైటిన్ అనే గట్టి పదార్థం వేడికి కరగదు కనుక ఎక్కువసేపు ఉడికినా ముక్క మెత్తగా చితికిపోదు. సగం ముక్కలను వేరే పెనంలోకి మార్చి, పెద్ద మంటపై నీరంతా ఇగిరేదాకా ఉంచి, ఆ తరువాతే నూనె వేయండి.