కుండీ మట్టిలో ఉప్పెంత, పులుపెంత? చవక పీహెచ్, ఈసీ మీటర్లతో సరిగ్గా కొలిచే పద్ధతి

పెన్ను ఆకారంలో ఉండే పీహెచ్ మీటరును తడి మట్టిలో గుచ్చి, కనిపించిన అంకెను నమ్మి, కుండీలో సున్నమో గంధకమో కలిపేవారిని అనంతపురంలో చాలామందిని చూశాను. ఆ మీటరును నీటి కోసం తయారు చేశారు. మట్టిలో గుచ్చితే దాని కొనలోని పల్చని గాజు బుడ్డి గీసుకుపోతుంది, చూపించే అంకెకూ అర్థం ఉండదు. బ్యాటరీ లేకుండా పనిచేస్తుందని చెప్పి అమ్మే రెండు పుల్లల మీటర్లు ఇంకా అన్యాయం. మట్టి తడిగా ఉంటే ఒక అంకె, పొడిగా ఉంటే ఇంకొక అంకె చూపిస్తాయి. వాటిని కొనవద్దు.

కావలసినవి కొద్దే. పులుపు ఎంతో చూపే పీహెచ్ పెన్ను ఒకటి, నీటిలో కరిగిన ఉప్పు ఎంతో చూపే ఈసీ పెన్ను ఒకటి, పీహెచ్ సరిచూసుకునే పొడి పొట్లాలు, 1413 µS/cm అని రాసి ఉన్న ఈసీ ద్రావణం సీసా ఒకటి, రెండు మూడు గాజు గ్లాసులు, డిస్టిల్డ్ వాటర్. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీల దుకాణంలో దొరుకుతుంది. అక్కడే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు కాబట్టి సీసా మీద పేరు చదివి తీసుకోండి. తెచ్చాక ఈసీ పెన్ను ముంచి చూస్తే అంకె దాదాపు సున్నా దగ్గర ఉండాలి.

ఈసీ పెన్నులో బటన్ నొక్కితే µS/cm, ppm అని ప్రమాణం మారుతుంది. నేను ppm వైపు చూడను, మీరూ చూడవద్దు. మీటరు నిజంగా కొలిచేది ఈసీ, అంటే విద్యుత్ వాహకతనే. దాన్ని ఒక కంపెనీ 0.5తో, మరొకటి 0.7తో గుణించి ppm అని చూపిస్తుంది. అందువల్ల ఒకే నీరు ఒకరి మీటరులో 750, మరొకరి మీటరులో 1050 అవుతుంది. 1000 µS/cm అంటే 1 mS/cm. ఈ వ్యాసంలో ఈసీ అంకెలన్నీ mS/cm లోనే రాస్తున్నాను.

పీహెచ్ పెన్నుతో 4.01, 6.86, 9.18 అని మూడు పొట్లాలు వస్తాయి. పొట్లం మీద రాసిన కొలతకు సరిగ్గా డిస్టిల్డ్ వాటర్ పోసి కరిగించాలి. చాలామంది 6.86, 4.01 ద్రావణాలతో సరిచూసి ఊరుకుంటారు. మన బోరు నీరు, మన మట్టి 7కు పైనే ఉంటాయి కాబట్టి ఇక్కడ 6.86, 9.18 వాడాలి. 9.18 ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కొద్దికొద్దిగా పడిపోతుంది. తెరిచిన గ్లాసులో నిన్నటి నుంచి ఉన్నదాన్ని పారబోయండి. 6.86 దగ్గర సరిచేసిన మీటరు తాజా 9.18 ద్రావణంలో 8.8 దాటకపోతే, సరిచేసినా నిలబడకపోతే, గాజు బుడ్డి అయిపోయిందని అర్థం. వేరేది కొనడమే.

ఇక అసలు కష్టం కుండీలోని వేర్ల దగ్గరి నీటిని బయటికి తేవడంలో ఉంది. మట్టిని తవ్వి నీళ్లలో కలిపి కొలిచే పద్ధతి భూసార పరీక్షలకు బాగానే ఉంటుంది. కుండీకి మాత్రం వద్దంటాను. పైమట్టి తీస్తే ఎండకు పైకి తేలిన ఉప్పు వస్తుంది, అడుగు మట్టి తీస్తే వేర్లు తెగుతాయి. పైనుంచి కొద్దిగా డిస్టిల్డ్ వాటర్ పోసి, మట్టిలో అప్పటికే ఉన్న నీటిని కిందికి తోయించి పట్టుకోవడమే మంచిది.

ముందు కుండీకి మీరు రోజూ పోసే నీటినే, అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి. తర్వాత అరగంట నుంచి గంట ఆగండి. ఈ ఆగడం చాలామందికి చేతకాదు. వెంటనే కొలిస్తే పోసిన నీటినే కొలిచినట్టు, మట్టిలోని నీటిని కాదు. ఈలోగా కుండీని రెండు ఇటుక ముక్కల మీదికి ఎత్తి, రంధ్రం చుట్టూ పేరుకున్న తెల్లటి పొరను తడిగుడ్డతో తుడిచేయండి. ఆ పొర అంతా ఉప్పు, సున్నమే. అది నమూనాలో కరిగితే మంచి కుండీ కూడా చెడ్డగా కనిపిస్తుంది. కింద పెట్టే పళ్లెం శుభ్రంగా, పొడిగా ఉండాలి.

ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్‌ను ఒకేచోట కాకుండా మట్టి మీద అంతటా తిప్పుతూ, నెమ్మదిగా పోయండి. ఎనిమిది అంగుళాల కుండీకి సుమారు 150 మిల్లీలీటర్లు, పద్నాలుగు అంగుళాల దానికి అర లీటరు దాకా పట్టవచ్చు. కొంచెం కొంచెంగా పోస్తూ పళ్లెంలో 50 మిల్లీలీటర్లు చేరగానే ఆపండి. నాలుగు వందలు పట్టుకుంటే చివర వచ్చినది పలచబడిన నీరు, ఈసీ తప్పుగా తక్కువ చూపిస్తుంది.

పోసిన కొన్ని క్షణాలకే నీరు తేటగా బొటబొటా కారిందా? దాన్ని కొలవవద్దు. మే నెల ఎండకు మట్టి కుంచించుకుపోయి కుండీ గోడకూ మట్టికీ మధ్య సందు ఏర్పడుతుంది, నీరు ఆ సందులోంచి జారిపోతుంది. కర్నూలు వైపు నల్లరేగడి కలిపిన కుండీల్లో ఇది మరీ ఎక్కువ. అలాంటప్పుడు వచ్చే ఈసీ డిస్టిల్డ్ వాటర్‌కు దగ్గరగా ఉంటుంది, యజమాని మట్టి శుభ్రంగా ఉందని మురిసిపోతాడు. అంచున మట్టిని వేళ్లతో అదిమి సందు పూడ్చి, కుండీని బాగా నానబెట్టి, మరునాడు మళ్లీ మొదలుపెట్టండి. ఎరువు వేసిన వారం లోపు కూడా కొలవవద్దు.

పట్టిన నీటిని గ్లాసులోకి ఒంపి నీడలో ఉంచండి. మట్టి రేణువులు అడుగుకు చేరాక పైతేటలో ముందు ఈసీ, ఆ తర్వాతే పీహెచ్ కొలవాలి. పీహెచ్ బుడ్డి పక్కన ఉన్న సన్నని రంధ్రం నుంచి పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు కొద్దికొద్దిగా కారుతూ ఉంటుంది. నమూనా చిన్నది కాబట్టి పీహెచ్ ముందు చూస్తే ఈసీ పెరిగిపోతుంది. వేడి నీటిలో కొలవడమూ తప్పే. ఒక్కో డిగ్రీకి ఈసీ సుమారు రెండు శాతం పెరుగుతుంది. మీటరు కొంత సరిచేసుకుంటుంది గానీ, మేడ మీది ట్యాంకులో మధ్యాహ్నం కాగిన నీటికి ఆ సవరణ మీద ఆధారపడను.

ఈ పద్ధతిలో వచ్చిన ఈసీని నేను ఇలా చదువుతాను. 1 కంటే తక్కువైతే మొక్కకు ఆహారం లేదు. 1 నుంచి 3 మధ్య ఉంటే ముట్టుకోను. 3 దాటితే ఎరువు ఆపేస్తాను. 5 దాటితే ఆ రోజే మట్టి కడుగుతాను. పీహెచ్ 6 నుంచి 7.5 దాకా ఇబ్బంది లేదు. 7.8 దాటితే ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు, కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా కనిపిస్తుంది. ఈ అంకెలను భూసార పరీక్ష చీటీలోని అంకెలతో పోల్చవద్దు. అక్కడ మట్టిలో నీటిని ఎక్కువగా కలిపి కొలుస్తారు, ఈసీ సహజంగానే తక్కువ వస్తుంది.

మా వీధిలో ఒక అక్క మేడ మీద పద్నాలుగు అంగుళాల ప్లాస్టిక్ కుండీలో నిమ్మ మొక్క పెంచుతోంది. ఆకుల కొనలు గోధుమరంగులో మాడి, ఆ మాడు అంచుల వెంట పాకుతోంది. “ఎరువు చాలలేదేమో, ఇంకొంచెం వెర్మీకంపోస్టు వేయమంటావా?” అని అడిగింది. ముందు నీళ్లు చూద్దామక్కా అన్నాను. బోరు నీటి ఈసీ 1.5. ఆమె మొక్కకు పోస్తున్నది మాత్రం వంటింటి ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీరు, దాని ఈసీ 2.2. శుద్ధమైన నీటిని మనకిచ్చి, ఉప్పునంతా మిగిలిన నీటిలోకి నెట్టడమే ఆ యంత్రం పని. ఆ నీరు వృథా కాకూడదని కుండీలకు పోసే ఇళ్లు మన జిల్లాల్లో లెక్కలేనన్ని. గచ్చు కడగడానికి వాడండి, నిమ్మకు వద్దు. నిమ్మజాతి మొక్కలు ఉప్పుకు తట్టుకోలేవు.

కుండీ నుంచి పట్టిన నీటి ఈసీ 5.8, పీహెచ్ 8.2 వచ్చాయి. నీరు ఆవిరవుతుంది, మొక్క తాగుతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోయి, మరిగే కొద్దీ చారు ఉప్పెక్కినట్టు ఎక్కుతుంది. దీనికి ఒక సులువైన లెక్క ఉంది. పోసిన నీటిలో నాలుగో వంతు కిందికి కారిపోతుంటే, కొన్నాళ్లకు కారే నీటి ఈసీ పోసిన నీటికి నాలుగు రెట్ల దాకా చేరుతుంది. 2.2కు నాలుగు రెట్లంటే 8.8. కొంత సున్నం మట్టిలోనే గడ్డకడుతుంది కాబట్టి నిజంగా వచ్చేది కాస్త తక్కువ. ఏమైనా ఆ కుండీ ఇంకా పైకి పోయే దారిలోనే ఉంది. పళ్లెం నిండితే తీయకుండా మళ్లీ మట్టే పీల్చుకోనివ్వడం మరో తప్పు.

ఆ కుండీలో సుమారు 20 లీటర్ల మట్టి ఉంది. దానికి రెట్టింపు, అంటే 40 లీటర్ల బోరు నీటిని నాలుగు విడతలుగా, ప్రతిసారీ పూర్తిగా కారనిచ్చి పోయించాను. చివర కారిన నీరు 1.9 దగ్గర నిలిచింది. బోరు నీరే 1.5 కాబట్టి దానితో ఇంతకన్నా కిందికి దించలేం. ఆ తర్వాత సగం బోరు నీరు, సగం ఆర్‌ఓ మంచి నీరు కలిపి పోయమన్నాను. మంచి నీటి ఈసీ 0.1 ఉంటే మిశ్రమం 0.8 అవుతుంది, నాలుగు రెట్లన్నా 3.2. ఉత్త బోరు నీటితోనైతే అదే లెక్కలో 6 దాకా పోతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఆర్‌ఓ నీరూ అక్కరలేదు. పది చదరపు మీటర్ల మేడ మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే పట్టుకోగలిగినది 200 లీటర్లు, ఒక డ్రమ్ము.

కడిగినప్పుడు పోషకాలూ పోతాయి కాబట్టి వారం ఆగి ఎరువును సగం మోతాదులో మొదలుపెట్టాలి. మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, కొత్త చిగురును చూడాలి. ఆ చిగురు పసుపుగా వస్తే, పీహెచ్ ఇంకా 8 దగ్గరే ఉంటే, ఇనుము కోసం అన్నభేది వేయవద్దు, సున్నపు మట్టిలో అది త్వరగానే పనికిరాకుండా పోతుంది. మామూలుగా దొరికే ఈడీటీఏ ఐరన్ కూడా ఈ పీహెచ్‌లో నిలవదు. ప్యాకెట్ మీద ఈడీడీహెచ్ఏ అని ఉన్నదే అడిగి తీసుకోండి.

ఈ మీటర్లు చెప్పలేనిది ఒకటుంది. నీటిలో ఉప్పు ఎంతో చెబుతాయి గానీ, అది కాల్షియమా సోడియమా అన్నది చెప్పలేవు. పీహెచ్ 8.5 దాటినా, మట్టి పైన పెచ్చుకట్టి నీరు ఇంకకుండా నిలిచినా సోడియం ఎక్కువైందని అనుమానించాలి. అప్పుడు కడగడం ఒక్కటే చాలదు, జిప్సం అవసరం పడుతుంది. బోరు నీటిని ఒక సీసాలో పట్టి పరీక్షా కేంద్రానికి పంపి, సోడియం, కార్బోనేట్, బైకార్బోనేట్ అంకెలు రాయించుకోండి. సీసాను నిండుగా నింపి, గాలి లేకుండా మూత బిగించి, అదే రోజు ఇవ్వండి. ఇంట్లో పీహెచ్ చూసుకునేటప్పుడు కూడా నీరు పట్టగానే చూడాలి. బోరు నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బకెట్టులో నిలవగానే ఎగిరిపోయి, పీహెచ్ దానంతట అదే పెరుగుతుంది.