చక్రం పని – 3వ పాఠం: బిగుసుకున్న వీల్ కప్పును లాకులు వంగకుండా తీయడం

పోయిన పాఠంలో జాకీ ఎక్కడ పెట్టాలో చూశాం. ఈ పాఠానికి జాకీ అవసరమే లేదు. నాలుగు టైర్లూ నేల మీద ఉండగా, చదునైన చోట, హ్యాండ్‌బ్రేక్ లాగి, మొదటి గేరులో పెట్టి ఈ పని చేయాలి. బండి గాలిలో ఉంటే మీరు పెట్టే ప్రతి ఒత్తిడికీ చక్రం ఊగుతుంది, చేతిలో పట్టు కుదరదు. అప్పుడే దూరం నడిచి వచ్చిన బండి అయితే అరగంట ఆగండి. బ్రేకుల వేడికి స్టీలు రిమ్ము కాలుతుంటుంది, అందులోనూ మన ఎండాకాలంలో.

వరంగల్, హన్మకొండ పంక్చర్ షాపుల్లో దీనికి చెప్పే మాట ఒకటే, "గుంజితే వస్తది". కొత్త కప్పు అయితే నిజంగానే వస్తుంది. నాలుగేళ్ళుగా కదలని కప్పు కూడా వస్తుంది, కాకపోతే రెండు లాకులు రిమ్ములోనే మిగిలిపోతాయి. ఎందుకో తెలియాలంటే కప్పు వెనక ఏముందో ముందు చూడాలి.

ప్లాస్టిక్ వీల్ కప్పును బోర్లా తిప్పితే అంచు చుట్టూ చిన్న చిన్న లాకులు నిలబడి ఉంటాయి. బండిని బట్టి ఆరు ఉండొచ్చు, పదికి పైనా ఉండొచ్చు. ఆ లాకులన్నిటినీ లోపలి వైపు నుంచి ఆనుకుని ఒక స్ప్రింగు తీగ గుండ్రంగా చుట్టి ఉంటుంది. దాన్ని రింగు అందాం. గాలి పట్టే వాల్వుకు చోటు వదలడానికి రింగు ఒక్క చోట వంపు తిరిగి ఉంటుంది. రింగు పని లాకులను ఎప్పుడూ బయటికి, అంటే రిమ్ము వైపు నెడుతూ ఉండడం. ప్రతి లాకు కొనకు చిన్న ఉబ్బు ఉంటుంది. అది రిమ్ము లోపలి అంచు దాటి వెనక కూర్చుంటుంది, కప్పు అక్కడే ఆగుతుంది.

కప్పు బయటికి రావాలంటే ఆ ఉబ్బు అంచును తిరిగి దాటాలి. అందుకు లాకు చక్రం నడిమి వైపు కాస్త వంగితే చాలు. ఆ దిక్కుకు వంగడానికే దాన్ని చేశారు, వెనక రింగు కూడా ఉంది కనుక మళ్ళీ నిలబడుతుంది. పక్కకు మెలిపెడితే, లేదా మొదలు దగ్గర వాలిస్తే మాత్రం తట్టుకోదు. 14 అంగుళాల రిమ్ము మీది కప్పు అడ్డంగా దాదాపు 35 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక పక్క పట్టుకుని 5 సెంటీమీటర్లు లేపారంటే కప్పు మొత్తం సుమారు 8 డిగ్రీలు వాలుతుంది. ఎదుటి పక్క లాకుల కొనలు ఇంకా రిమ్ములోనే ఉన్నాయి, మొదళ్ళు మాత్రం కప్పుతో పాటు తిరిగాయి. అంటే ఆ రెండు మూడు లాకులే తలుపు బందుల పని చేస్తున్నాయి. విరిగేది మీరు గుంజిన చోట కాదు, దానికి ఎదురుగా. అందుకే చాలామందికి లాకు ఎప్పుడు పోయిందో తెలియదు.

కాబట్టి కప్పు ఏ దశలోనూ ఎక్కువ వాలకుండా, చుట్టూ సమంగా, కొంచెం కొంచెంగా ముందుకు రావాలి.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, నట్లు. కొన్ని బండ్లలో కప్పును చక్రం నట్లే నొక్కి పట్టి ఉంచుతాయి. కప్పు మధ్యలో కనిపించే నట్లు అసలు ఇనుప నట్లేనా, ప్లాస్టిక్ మీద అచ్చు పోసిన బొమ్మ నట్లా అని గోటితో తట్టి చూడండి. అసలు నట్లే అయ్యి, అవి కప్పు మీద కూర్చుని ఉంటే, వీల్ పానాతో నట్లు విప్పితే తప్ప కప్పు రాదు. అలాంటిది జాకీ వేసి చేసే పని, ఈ పాఠంలోది కాదు. రెండోది, కేబుల్ టైలు. గుంతల రోడ్ల మీద కప్పు ఎగిరిపోతుందని, ఎవరైనా ఎత్తుకుపోతారని చాలామంది నల్ల టైలతో కప్పును రిమ్ముకు కట్టేస్తారు. నల్లటి రిమ్ము మీద నల్ల టై కళ్ళకు ఆనదు. సెల్‌ఫోన్ లైటు వేసి సందుల్లో చూసి, ఉంటే కత్తిరించండి.

బిగుసుకోవడానికి మామూలుగా రెండే కారణాలు, మట్టి, తుప్పు. చెలక మట్టి దుమ్ముగా రాలిపోతుంది. నల్లరేగడి అలా కాదు. ఆదిలాబాద్ పత్తి చేల బాటల్లో వానాకాలం తిరిగిన బండికి రేగడి లాకుకూ రిమ్ముకూ మధ్య దూరి, ఎండాక గట్టిపడుతుంది. లాకు లోపలికి వంగాల్సిన ఖాళీ ఆ మట్టితో నిండిపోతుంది. వంగడానికి చోటు లేని లాకును గుంజితే విరగడమే మిగిలింది. తుప్పు సంగతి వేరు. రిమ్ము అంచు గరుకెక్కి లాకు ఉబ్బును పట్టుకుంటుంది.

రెంటికీ మందు నీళ్ళే. అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక చెంచా కలిపి, కప్పు అంచు చుట్టూ, సందుల్లోంచీ పోయండి. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ పోయండి. రేగడి అయితే ఇలా మూడు సార్లయినా చేయాలి, ఆఖరున పైపుతో కడగాలి. కడిగిన నీళ్ళు నల్లగా రావడం ఆగితే లోపల మట్టి కరిగిందని లెక్క. చలికాలం పొద్దున ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళు అందుకూ పనికొస్తాయి, లేదా కాస్త ఎండ ఎక్కనివ్వండి. పెట్రోలు, డీజిలు, థిన్నరు వద్దే వద్దు. కొన్ని రకాల ప్లాస్టిక్ వాటికి పగుళ్ళిస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే కూడా ఇక్కడ మంచిది కాదు. రిమ్ము సందుల్లోంచి బ్రేకు డిస్కు మీద పడితే బ్రేకు జారుతుంది.

పనిముట్లు రెండు కావాలి, ఒకటి చాలదు. వెడల్పు కొన ఉన్నవి, 15 నుంచి 20 మిల్లీమీటర్లవి తీసుకోండి. సైకిల్ షాపులో దొరికే టైరు లివర్లు సరిగ్గా సరిపోతాయి. ఇనుపవి అయితే కొనకు ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టండి. సన్న స్క్రూడ్రైవరుతో బలమంతా ఒక్క చుక్క మీద పడి కప్పు అంచు లోపలికి నొక్కుకుపోతుంది. సుద్దముక్క ఒకటి, గుడ్డపీలిక ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు లాకులు ఎక్కడున్నాయో కనిపెట్టాలి. కప్పు సందుల్లోకి లైటు వేస్తే అంచు వెనక నిలబడిన లాకులు, వాటి మీదుగా పోతున్న రింగు కనిపిస్తాయి. ప్రతి లాకుకు ఎదురుగా టైరు మీద సుద్దతో గీత గీయండి. ఈ పని వదిలేసినవాళ్ళే ఎక్కువ నష్టపోతారు. లివరు పెట్టాల్సిన చోటు లాకు మీద కాదు, రెండు లాకుల నడుమా కాదు. లాకుకు రెండు సెంటీమీటర్ల పక్కన. సరిగ్గా లాకు మీద పెడితే లివరు కొన దాన్నే పొడుస్తుంది. నడుమ పెడితే కప్పు అంచు విల్లులా వంగి, రెండు పక్కల లాకులనూ ఏటవాలుగా లాగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిది లాకుల కప్పు, 14 అంగుళాల రిమ్ము, వాల్వు కిందికి వచ్చేలా బండి ఆపాం. వాల్వుకు అటొకటి ఇటొకటి లాకు ఉంది, అలాగే పైన కూడా నడిమికి అటూ ఇటూ రెండున్నాయి. పై రెంటికి 1, 2 అని, వాటి కింద రెంటికి 3, 4 అని, తర్వాత 5, 6 అని, వాల్వు పక్కవాటికి 7, 8 అని సుద్దతో రాయండి. బేసి సంఖ్యలు కుడివైపు, సరి సంఖ్యలు ఎడమవైపు.

రెండు లివర్ల కొనలను 1, 2 పక్కన కప్పు అంచుకూ రిమ్ముకూ మధ్య దూర్చండి. రిమ్ము అంచు మీద గుడ్డ మడిచి పెట్టి, దాని మీద లివరు ఆనించండి. టైరు రబ్బరు మీద ఆనించకండి. అంచుకు బ్యాలెన్సింగు బరువు తగిలించి ఉంటే అక్కడ లివరు పెట్టకండి, ఊడితే స్టీరింగు వణుకుతుంది. రెండు లివర్లనూ ఒకేసారి మెల్లగా తిప్పి కప్పును 3 మిల్లీమీటర్లు మాత్రమే లేపండి. లాకు ఇంకా ఊడదు, ఊడనక్కర్లేదు. వెంటనే 3, 4 దగ్గరికి, తర్వాత 5, 6 దగ్గరికి పోయి అంతే లేపండి. 7, 8 దగ్గర ఇంకొంచెం తక్కువ. మళ్ళీ పైకి వచ్చి రెండో చుట్టు. సాధారణంగా ఈ చుట్టులో 1, 2 'టప్'మని ఊడతాయి. అక్కడ సంతోషంతో గుంజేయకూడదు. వరసగా కిందికి దిగాలి. ఆరు ఊడాక లివర్లు పక్కన పెట్టి, రెండు చేతులతో కప్పును వాల్వు దగ్గర పట్టుకుని నేరుగా మీ వైపు లాగండి. వాల్వు రబ్బరుదే కదా అని పక్కకు జరిపితే మొదట్లో చీరి గాలి దిగడం మొదలవుతుంది. ముఖం మాత్రం కప్పుకు ఎదురుగా పెట్టకండి, ఆఖరి లాకులు ఒక్కసారే వదిలితే కప్పు ఎగిరి వస్తుంది.

ఈ ఎనిమిదిలో 6వది రెండో చుట్టులోనూ కదలలేదనుకుందాం. మిగతావన్నీ ముందుకొచ్చాయి, అది ఒక్కటీ రిమ్మును పట్టుకునే ఉంది. బలం పెంచకండి. అరచేత్తో సరిగ్గా 6 మీద కప్పును లోపలికి ఒకసారి నొక్కండి. తుప్పు పట్టు బయటికి లాగినప్పటి కంటే లోపలికి నెట్టినప్పుడు తేలిగ్గా వదులుతుంది, ఎందుకంటే ఆ దిక్కున ఉబ్బుకు అడ్డం ఏదీ లేదు. నొక్కి, సబ్బు నీళ్ళు పోసి, ఐదు నిమిషాలాగి మళ్ళీ లేపండి. మొండిగా ఉంటే నొక్కడం, లేపడం నాలుగైదు సార్లు మార్చి మార్చి చేయండి. చెవి ఇటే పెట్టండి. 'టప్' వస్తే లాకు వదిలింది. 'కర్ర్'మని సాగే చప్పుడు వస్తే ప్లాస్టిక్ చీలుతోంది, చెయ్యి అక్కడే ఆపండి.

పాత అంబాసిడర్ లాంటి బండ్లకు ఉండే ఇనుప కప్పుల్లో ప్లాస్టిక్ లాకులుండవు, పట్టు లోహానిదే. వీటికీ చుట్టూ కొంచెం కొంచెంగా లేపే పద్ధతే, కానీ లివరు ఆనే చోట రేకు సొట్ట పడకుండా వెడల్పాటి చెక్కముక్క వేయాలి. ఇనుప లాకు వంగితే ముక్కు పట్కారుతో ఒకసారి సరిచేయొచ్చు. అటూ ఇటూ పదేపదే వంచితే మాత్రం మొదట్లో తెగుతుంది.

కప్పు చేతికి వచ్చాక వెనక్కి తిప్పి ప్రతి లాకు మొదలూ లైటులో చూడండి. నల్ల, బూడిద రంగు ప్లాస్టిక్ మీద తెల్లటి గీత కనిపిస్తే ఆ లాకు హద్దు దాటి వంగిందని గుర్తు. విరగకపోయినా దాని పట్టు మునుపటిలా ఉండదు. అలాంటిది ఒక్కటైతే కప్పు వాడుకోవచ్చు. పక్కపక్కనే రెండు ఉంటే గుంతల దారిలో ఆ పక్క నుంచే కప్పు లేచిపోతుంది, మార్చడమే నయం. రింగు అన్ని లాకుల మీదా కూర్చుని ఉందో లేదో, దాని వంపు వాల్వు గుర్తుకు ఎదురుగానే ఉందో లేదో కూడా చూడండి.

తిరిగి బిగించడం 4వ పాఠంలో. ఆలోపు రిమ్ము లోపలి అంచును వైరు బ్రష్‌తో తుప్పు పోయేదాకా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, కప్పును వాల్వు గుర్తు పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి.